ఒకే లాగిన్‌తో నడిచిన ఆడిట్ ఆఫీసు: షేర్డ్ ఫోల్డర్ల హక్కులు మళ్లీ రాసిన ఒక కేసు

ఈ కేసు విజయవాడలోని ఒక చిన్న ఆడిట్ కార్యాలయానికి సంబంధించినది. కార్యాలయాన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలను తీసేశాను, లాగిన్ పేర్లను, ఫోల్డర్ పేర్లను మార్చాను. నాస్, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నీ నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు దాచుకునే పరికరంలో, లాగిన్‌లు సృష్టించడం పది నిమిషాల పని. ఆ లాగిన్‌లకు ఏ ఫోల్డర్‌లో ఏ హక్కు ఇవ్వాలి, ఇచ్చిన హక్కు నిజంగా అమలవుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి అన్న రెండు ప్రశ్నల దగ్గరే అసలు పని ఉంటుందని ఈ కేసు స్పష్టంగా చూపిస్తుంది కాబట్టి దీన్ని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

కింది అంతస్తులో కార్యాలయం, పై అంతస్తులో ఆడిటర్ గారి కుటుంబం. కార్యాలయంలో ఆయన కాక ఇద్దరు సీనియర్లు, నలుగురు అసిస్టెంట్లు, ముందు గదిలో స్కానింగ్, టైపింగ్ చూసే ఇద్దరు ఉన్నారు. అసిస్టెంట్లలో ఇద్దరు ఆర్టికల్‌షిప్ చేస్తున్న విద్యార్థులు. గడువు పూర్తికాగానే వాళ్లు వెళ్లిపోతారు, కొత్తవాళ్లు వస్తారు. రెండు డిస్కులు ఒకదానికొకటి నకలుగా ఉండే చిన్న నాస్ పరికరం ఒకటి ఉంది. ఆఫీసులో అందరూ దాన్ని ‘సర్వర్’ అనే పిలుస్తారు. అందులో `clients` అనే ఒకే పెద్ద షేర్, దాని కింద ఒక్కో పార్టీకి ఒక ఫోల్డర్, ఆ ఫోల్డర్‌లో ఆర్థిక సంవత్సరాల వారీగా ఉపఫోల్డర్లు. వన్‌టౌన్ బట్టల హోల్‌సేల్ వ్యాపారుల నుంచి ఆటోనగర్ విడిభాగాల దుకాణాల వరకు సుమారు రెండు వందల పార్టీల లెక్కలు అందులోనే ఉన్నాయి. కుటుంబం ఫోటోలు కూడా అదే పరికరంలో, అదే షేర్‌లో ఒక మూల ఉన్నాయి.

అందరికీ కలిపి `office` అనే ఒకే లాగిన్. దాని పాస్‌వర్డ్ కార్యాలయం పేరుకు చివర ఒక సంవత్సరం కలిపి తయారుచేసినది. అంతకుముందు రెండేళ్లలో అక్కడ పనిచేసి మానేసినవారందరికీ అది తెలుసు.

వచ్చిన సమస్య

నెలవారీ జీఎస్‌టీ రిటర్న్ జీఎస్‌టీఆర్-3బీ గడువు అయిన 20వ తేదీకి ముందు, పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న రోజుల్లో, ఒక హోల్‌సేల్ వ్యాపారి ఫోల్డర్ మొత్తం కనిపించకుండా పోయింది. ఎవరో తొలగించారనే అందరూ అనుకున్నారు. రీసైకిల్ బిన్‌లో వెతికితే లేదు. చివరికి కాగితాలు ముందు పెట్టుకుని ఆ నెల లెక్క మళ్లీ తయారుచేశారు. కొన్ని వారాల తర్వాత అక్షర క్రమంలో దానికి పక్కనే ఉన్న మరో పార్టీ ఫోల్డర్ లోపల అది దొరికింది. మౌస్‌తో జాబితాను కిందికి జరిపేటప్పుడు ఫోల్డర్ పట్టుబడి పక్కదానిలో పడింది. అది తొలగింపు కాదు, స్థానం మార్పు. అందుకే రీసైకిల్ బిన్‌లో ఆనవాలు లేదు.

నన్ను పిలిచినప్పుడు ఆడిటర్ గారు అడిగినవి రెండు. “ఎవరు చేశారన్నది నాకు అక్కర్లేదండీ, మళ్లీ జరక్కుండా చూడండి. స్టాఫ్ రాసుకోవచ్చు, సేవ్ చేసుకోవచ్చు, కానీ ఏదీ తీసేయడానికి లేకుండా పెట్టండి.” మొదటి కోరిక సరైనది. రెండోది వినడానికి సబబుగా ఉన్నా ఆచరణలో నిలవదు. ఆ కారణం ఈ కేసులో ముఖ్యమైన విషయాల్లో ఒకటి.

పరికరంలో ఫైల్ లాగ్ ఆన్‌లోనే ఉంది. స్థానం మారిన సమయం అందులో ఉంది, యూజర్ గడిలో మాత్రం ప్రతి వరుసలోనూ `office` అనే ఉంది. ఐపీ అడ్రసు ఉన్నా, రౌటర్ అడ్రసులను మారుస్తూ ఇస్తుంది కాబట్టి వారాల కిందటి అడ్రసు ఏ కంప్యూటరుదో తేల్చలేం. అందుకే ఎవరి పేరున వారికి లాగిన్ ఇవ్వడంతో పని మొదలుపెట్టాను. అది నిఘా కోసం కాదు. ఫోల్డర్ ఎటు పోయిందో లాగ్ చూసి గుర్తించి, ఆ పని చేసినవారిని అడిగి ఐదు నిమిషాల్లో వెనక్కి తేగలగడం కోసం.

తొలగింపు నిషేధం ఎందుకు నిలవదు

ఆడిటర్ గారి కోరికను కాదనే ముందు ఆయన కళ్లెదుటే పరీక్షించి చూపడం మంచిదని ఒక నమూనా ఫోల్డర్ పెట్టాను. ఆ పరికరం లోపల ఉన్నది లినక్స్, దాని ఫోల్డర్లను విండోస్ కంప్యూటర్లకు అందించే సాంబా. లినక్స్‌లో ‘తొలగించే హక్కు’ అని విడిగా ఉండదు. ఒక ఫోల్డర్‌లో రాసే హక్కు ఉన్నవారు ఆ ఫోల్డర్‌లోని పేర్లను చేర్చగలరు, మార్చగలరు, తీసేయగలరు. దానికి దగ్గరగా ఉన్న ఏర్పాటు స్టికీ బిట్: అది పెట్టిన ఫోల్డర్‌లో ఫైలు యజమాని గానీ, ఫోల్డర్ యజమాని గానీ తప్ప ఇంకే మామూలు యూజరూ ఆ ఫైలును తీసేయలేరు, పేరు మార్చలేరు.

మొదట నోట్‌ప్యాడ్‌తో చూశాం. ఒక అసిస్టెంట్ చేసిన ఫైలును మరొకరు తెరిచి, మార్చి, సేవ్ చేశారు, సేవ్ అయింది. తీసేయబోతే కుదరలేదు. కోరుకున్నది దొరికిందనే అనిపించింది. అదే పనిని ఎక్సెల్ షీట్‌తో చేయిస్తే సేవ్ విఫలమైంది, ఫోల్డర్‌లో ఎక్స్‌టెన్షన్ లేని ఎనిమిది అక్షరాల పేరుతో ఒక అనామక ఫైలు మిగిలింది.

కారణం సేవ్ చేసే పద్ధతిలో ఉంది. నోట్‌ప్యాడ్ ఉన్న ఫైలులోనే కొత్త పాఠాన్ని రాస్తుంది. ఎక్సెల్ అలా చేయదు: ముందుగా అదే ఫోల్డర్‌లో ఒక తాత్కాలిక ఫైలు సృష్టించి, మొత్తం వర్క్‌బుక్‌ను అందులో రాసి, పాత ఫైలును పక్కకు తప్పించి, కొత్తదానికి అసలు పేరు పెట్టి, పాతదాన్ని తీసేస్తుంది. సేవ్ మధ్యలో కరెంటు పోయినా పాత ఫైలు చెడకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. అంటే ఎక్సెల్‌లో సేవ్ అనే పనిలోనే పేరు మార్పూ, తొలగింపూ ఇమిడి ఉన్నాయి. తొలగింపును ఆపితే సేవ్ కూడా ఆగుతుంది. ఆ ఎనిమిది అక్షరాల ఫైళ్లు పోగుపడుతున్న ఫోల్డర్ ఎక్కడ కనిపించినా, అక్కడ తొలగింపు హక్కును ఎవరో కత్తిరించారా అని ముందుగా చూడాలి.

దీనివల్ల వచ్చే మరో చిక్కు ఏమిటంటే, ఎక్సెల్ సేవ్ చేసిన ప్రతిసారీ పుట్టేది కొత్త ఫైలు కాబట్టి దాని యజమాని చివరగా సేవ్ చేసిన వ్యక్తి అవుతాడు, మొదట తయారుచేసిన వ్యక్తి కాదు. ఎవరి ఫైలు వారి అధీనంలో ఉండాలనే నియమం ఒకే షీట్‌ను ముగ్గురు చేతులు మార్చుకునే కార్యాలయంలో రెండో రోజుకే అర్థం కోల్పోతుంది. విండోస్ తరహా హక్కుల జాబితా ఉన్న పరికరాల్లో `Delete` అనే హక్కు విడిగా కనిపిస్తుంది, దాన్ని తీసేయాలనే ఆలోచన వెంటనే వస్తుంది. అక్కడ కూడా ఎక్సెల్ దగ్గర ఫలితం ఇదే.

ఆడిటర్ గారు ఆ అనామక ఫైలును చూశాక కోరికను వేరే మాటల్లో చెప్పారు: “అయితే పార్టీ ఫోల్డర్ మాత్రం కదలకూడదు. లోపల ఏం చేసుకున్నా మనవాళ్లే కదా.” సరిగ్గా అదే చేయగలిగిన పని.

కుదిరిన ఏర్పాటు: పై మెట్టుకు తాళం, లోపల స్వేచ్ఛ

ఒక ఫోల్డర్‌ను కదిపే హక్కు, లినక్స్ లెక్కలో, దాని పైనున్న ఫోల్డర్‌లో రాసే హక్కుపై ఆధారపడి ఉంటుంది. పార్టీ ఫోల్డర్లన్నీ `clients` కింద ఉన్నాయి. అసిస్టెంట్లకు `clients`లో చూసే హక్కు మాత్రమే ఇచ్చి, దాని కింది ప్రతి ఫోల్డర్‌లో రాసే హక్కు పూర్తిగా ఇస్తే, వాళ్లు లోపల ఎక్సెల్ ఎంతైనా సేవ్ చేసుకోగలరు. పార్టీ ఫోల్డర్‌ను మాత్రం లాగలేరు, పేరు మార్చలేరు, తీసేయలేరు. కొత్త పార్టీ వచ్చినప్పుడు ఫోల్డర్ తెరిచే పని సీనియర్లది. ఆ కార్యాలయంలో కొత్త పార్టీని తీసుకునే నిర్ణయం ఎలాగూ వాళ్లదే కాబట్టి పని వరుస దెబ్బతినలేదు. ఒక నియమం పెట్టేముందు అది ఇప్పటికే ఉన్న పని పద్ధతితో కలుస్తుందా అని చూడటం నాకు అలవాటు. కలవని నియమాన్ని సిబ్బంది వారం తిరగకుండా వాట్సాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో దాటేస్తారు.

హక్కులు ఏ వ్యక్తికీ నేరుగా ఇవ్వలేదు. `staff`, `seniors`, `family` అని మూడు గ్రూపులు పెట్టి, వ్యక్తుల్ని గ్రూపుల్లో చేర్చాను. లాగిన్ పేరు మాత్రం మనిషిదే ఉండాలి, కుర్చీది కాకూడదు. `assistant2` అని పెడితే, రేపు ఆ కుర్చీలోకి మరొకరు వచ్చాక పాత లాగ్ ఎవరి గురించి చెబుతోందో తెలియదు. పైగా పాత వ్యక్తికి తెలిసిన పాస్‌వర్డే కొత్త వ్యక్తికి చేరే ప్రమాదం ఉంది.

పరికరం వెబ్ పేజీలో షేర్ మొత్తానికి హక్కు ఇవ్వడమే ఉంది, మెట్ల వారీగా ఇవ్వడం లేదు. అందువల్ల ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్లి ఈ నాలుగు వరుసలు నడిపాను:

```
setfacl -R -m g:staff:rwX,g:seniors:rwX clients
setfacl -R -d -m g:staff:rwx,g:seniors:rwx clients
setfacl -m g::---,o::--- clients
setfacl -m g:staff:r-x clients
```

మొదటి వరుస ఇప్పటికే ఉన్న ఫైళ్లన్నిటికీ హక్కు ఇస్తుంది. రెండోది ఇకపై పుట్టబోయే వాటికి వారసత్వంగా వచ్చే హక్కు. నాలుగోది పై మెట్టుకు మాత్రమే వర్తించే తాళం. అందులో `-R` లేదు, `-d` కూడా లేదు. అందుకే సీనియర్ రేపు కొత్త పార్టీ ఫోల్డర్ తెరిస్తే, దానికి రెండో వరుసలోని పూర్తి హక్కు వస్తుంది, పై మెట్టు తాళం అలాగే ఉంటుంది.

మూడో వరుస చిన్నదే అయినా దాన్ని వదిలేస్తే తాళం పడదు. ఇలాంటి పరికరాల్లో చాలావి ప్రతి లాగిన్‌నూ `users` అనే ఉమ్మడి గ్రూపులో తమంతట తామే చేరుస్తాయి, షేర్ ఫోల్డర్‌కు యజమాని గ్రూపుగా దాన్నే పెడతాయి. ఒక మనిషి రెండు గ్రూపుల్లో ఉన్నప్పుడు, ఏ ఒక్క గ్రూపు అనుమతించినా లినక్స్ అనుమతిస్తుంది. `staff` వద్దన్నా `users` సరే అంటే సరిపోతుంది. కాబట్టి యజమాని గ్రూపు హక్కును ఖాళీ చేయాలి. `clients` ఫోల్డర్ యజమానిగా ఏ ఉద్యోగి లాగిన్ ఉండకుండా కూడా చూసుకోవాలి. పాత `office` పేరు మీద ఉన్నదాన్ని, ఆ తర్వాత ఆ లాగిన్‌ను చదవడానికి పరిమితం చేసినప్పుడు, అడ్మిన్ పేరు మీదకు మార్చాను.

విండోస్ తరహా హక్కులు వాడే పరికరంలో ఇంతమాత్రం చాలదు. అక్కడ ఫోల్డర్ పైనే `Delete` హక్కు ఉంటే, పై ఫోల్డర్‌లో రాసే హక్కు లేకపోయినా దాన్ని కదపవచ్చు. అందువల్ల ప్రతి పార్టీ ఫోల్డర్ మీద `Delete` తీసేసి, లోపలి ఫైళ్లకు, ఉపఫోల్డర్లకు మాత్రం ఉంచాలి.

హక్కు మారింది, ప్రవర్తన మారలేదు

మార్పుకు 20వ తేదీ దాటిన తర్వాతి ఆదివారాన్ని ఎంచుకున్నాం. సోమవారం ఉదయం ఒక అసిస్టెంట్ కంప్యూటర్ దగ్గర ఆయన పేరుతో `Z:` డ్రైవ్ కలిపి, పరీక్షగా ఒక ఖాళీ పార్టీ ఫోల్డర్‌ను లాగమన్నాను. అది కదిలింది. కదలకూడదు.

ఇలాంటప్పుడు హక్కుల మీద అనుమానంతో వెనక్కి వెళ్లి వాటిని మార్చడం మొదలుపెడితే, సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టుకుంటాం. ముందు తేల్చుకోవలసింది నాస్ ఈ కంప్యూటర్‌ను ఎవరిగా గుర్తిస్తోందన్నది. ఆ కంప్యూటర్‌లో పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి అడిగాను:

```
Get-SmbConnection | Select ServerName, ShareName, Credential
```

రెండు వరుసలు వచ్చాయి. `officenas` అనే పేరుతో ఉన్న వరుసలో అసిస్టెంట్ లాగిన్, `192.168.1.20` అనే అడ్రసుతో ఉన్న వరుసలో పాత `office` కనిపించాయి. `Z:` డ్రైవ్ సరిగ్గానే ఉంది. ఆయన ఫోల్డర్‌ను లాగింది మాత్రం డెస్క్‌టాప్ మీద ఏళ్లుగా ఉన్న షార్ట్‌కట్ తెరిచి. అది ఐపీ అడ్రసుతో చేసినది, దానికి పాత పాస్‌వర్డ్ విండోస్‌లో భద్రంగా ఉంది. ఒకే పరికరమైనా పేరుతో పిలిస్తే ఒక సర్వర్, అడ్రసుతో పిలిస్తే ఇంకో సర్వర్ అని విండోస్ భావిస్తుంది.

పక్క కంప్యూటర్‌లో దీనికి ఎదురు సమస్య వచ్చింది. అక్కడ పాత, కొత్త లాగిన్‌లు రెండూ ఒకే పేరు మీద వచ్చాయి. ఒక సర్వర్‌కు ఒకేసారి రెండు లాగిన్‌లతో కలవడాన్ని విండోస్ ఒప్పుకోదు. `System error 1219` అని ఆపేస్తుంది. కొందరు దీన్ని పాస్‌వర్డ్ తప్పు అనుకుని అదే పాస్‌వర్డ్‌ను మార్చి మార్చి కొడుతుంటారు. రెండు సందర్భాలకూ మందు ఒకటే, పాత గుర్తింపును పూర్తిగా తుడవడం:

```
net use * /delete
cmdkey /list
cmdkey /delete:officenas
cmdkey /delete:192.168.1.20
```

ఆ తర్వాత సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి రావాలి, లేకపోతే తెరిచి ఉన్న పాత కనెక్షన్ కొంతసేపు బతికే ఉండవచ్చు. ఐపీ షార్ట్‌కట్‌లన్నీ తీయించి పేరుతో మళ్లీ చేయించాను. ఆపైన ఫోల్డర్ లాగితే విండోస్ అనుమతి లేదంది.

ముందు గదిలో ఇద్దరూ ఒకే కంప్యూటర్‌ను ఒకే విండోస్ లాగిన్‌తో వాడేవారు. పాస్‌వర్డ్ ఎవరిది భద్రమైతే ఇద్దరి పనీ వారి పేరునే నమోదవుతుంది. నాస్‌లో వేర్వేరు లాగిన్‌లు ఇచ్చినంత మాత్రాన ఇది తీరదు. విండోస్‌లో కూడా ఇద్దరికీ వేర్వేరు లాగిన్‌లు పెట్టాల్సి వచ్చింది.

మరుసటి రోజు ఇంకో ఫిర్యాదు వచ్చింది: ఒకరు కొత్తగా చేసిన షీట్ మరొకరికి చదవడానికి మాత్రమే తెరుచుకుంటోంది. `getfacl`తో ఆ ఫైలును చూస్తే ఇలా ఉంది:

```
group:staff:rwx        #effective:r--
mask::r--
```

హక్కు వారసత్వంగా వచ్చింది, కానీ సాంబా ఫైలును సృష్టించేటప్పుడు తన మామూలు `create mask` వర్తింపజేసింది. దాంతో గ్రూపులన్నిటికీ పైకప్పులా ఉండే `mask` చదవడానికే పరిమితమైంది. ఎడమవైపు `rwx` చూసి సరిగ్గానే ఉందనుకుంటే దొరకదు, కుడివైపు `effective` చూడాలి. ఆ షేర్ సెట్టింగుల్లో `inherit acls = yes` చేర్చి, మొదటి వరుసను మళ్లీ నడిపాను. అది పై మెట్టుకు కూడా రాసే హక్కు ఇచ్చేస్తుంది కాబట్టి వెంటనే నాలుగో వరుసనూ నడపాలి.

పాత లాగిన్‌ను ఎలా ముగించాం

`office`ను మొదటి రోజే తీసేయమని సీనియర్ ఒకరు సూచించారు. అది ఎక్కడెక్కడ పాతుకుపోయిందో తెలియకుండా తీసేస్తే, ఏదో ఒక పని గడువు రోజునే ఆగిపోతుంది. అందువల్ల దాన్ని ఒక వారం పాటు చదివే హక్కుతో మాత్రమే ఉంచి, లాగ్‌లో ఆ పేరు ఎక్కడినుంచి వస్తోందో గమనించాను. రెండు చోట్లు బయటపడ్డాయి: ఆడిటర్ గారి ఇంటి ల్యాప్‌టాప్, ముందు గదిలోని జిరాక్స్-స్కానర్. స్కానర్ తన అడ్రస్ బుక్‌లో ఆ పాస్‌వర్డ్‌ను దాచుకుని నేరుగా `clients`లోకి స్కాన్లు పంపేది. దానికి `scan` అనే విడి లాగిన్, విడి షేర్ ఇచ్చాను. ఇంకెక్కడా దానికి చూపు కూడా లేదు. యంత్రంలో దాగిన పాస్‌వర్డ్ ఎవరికైనా చిక్కినా, చేతికి దొరికేది ఆ రోజు స్కాన్లు మాత్రమే.

వారం తర్వాత `office`ను నిలిపివేశాం. గెస్ట్ ప్రవేశాన్ని కూడా మూసేశాం. తెలియని పేరుతో వచ్చినవారిని గెస్ట్‌గా లోపలికి రానిచ్చే సెట్టింగు సాంబాలో ఉంటుంది. అది తెరిచి ఉంటే లాగిన్ పేరులో ఒక అక్షరం తప్పు కొట్టినవారు పాస్‌వర్డ్ లేకుండానే గెస్ట్‌గా లోపలికి వస్తారు, లాగ్‌లో మాత్రం వారి పేరు ఉండదు.

కుటుంబం ఫోటోలకు `family` గ్రూపుతో వేరే షేర్ పెట్టాం. ఆడిటర్ గారికి రెండు లాగిన్‌లు ఇచ్చాను: రోజువారీ పనికి ఒకటి, పరికరం అడ్మిన్ పనికి ఒకటి. అడ్మిన్ లాగిన్‌తో `clients`లో పనిచేస్తే ఏ తాళమూ వర్తించదు, మౌస్ జారితే పాత ప్రమాదమే మళ్లీ జరుగుతుంది. ఆయన దీన్ని కొంత అయిష్టంగానే ఒప్పుకున్నారు.

పరిమితులు

పార్టీ ఫోల్డర్ కదలదు గానీ, దాని లోపలి సంవత్సరం ఫోల్డర్ ఇప్పటికీ కదులుతుంది. ఆ మెట్టుకు కూడా తాళం వేస్తే, ఏప్రిల్ రాగానే రెండు వందల పార్టీలకు కొత్త సంవత్సరం ఫోల్డర్లు తెరిచే భారం ఇద్దరు సీనియర్ల మీద పడుతుంది. అంత కష్టం వద్దనుకున్నాం. దానికి బదులు పనివేళల్లో గంటకొక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో దాచే నకలు, పెట్టాం. రీసైకిల్ బిన్ తీసేసిన ఫైలును దాస్తుంది. ఉన్న ఫైలులో తప్పు అంకెలు రాసి సేవ్ చేస్తే నిన్నటి స్థితి అందులో దొరుకుతుందని నమ్మలేం, స్నాప్‌షాట్‌లో దొరుకుతుంది. స్నాప్‌షాట్‌లు కూడా అవే డిస్కుల మీద ఉంటాయి కాబట్టి బయటి డిస్కులోకి తీసే బ్యాకప్ మామూలుగానే సాగుతోంది.

కొన్ని నెలల తర్వాత ఒక సంవత్సరం ఫోల్డర్ నిజంగానే పక్కదానిలో పడింది. సీనియర్ లాగ్‌లో పేరు, సమయం, పాత దారి, కొత్త దారి చూసి, ఆ అసిస్టెంట్‌ను పిలిచి తానే వెనక్కి పెట్టించారు. నాకు ఫోన్ చేయాల్సిన అవసరం రాలేదు. ఆర్టికల్ విద్యార్థి ఒకరు గడువు ముగిసి వెళ్లినప్పుడు, ఆయన లాగిన్‌ను తీసేయకుండా నిలిపివేయమని చెప్పాను. తీసేస్తే ఆయన పేరున ఉన్న ఫైళ్లకు యజమానిగా పేరు బదులు ఒట్టి అంకె మిగులుతుంది, ఆ అంకెను పరికరం తర్వాత కొత్తవారికి ఇస్తే పాత ఫైళ్లన్నీ వారివిగా కనిపిస్తాయి. సీనియర్ దగ్గర ఇప్పుడు ఒక కాగితం ఉంది: వచ్చినవారి పేరు, చేర్చిన గ్రూపు, చేరిన తేదీ, నిలిపివేసిన తేదీ. దానిలో చివరి గడి ఖాళీగా ఉన్నవారే నాస్‌లో పనిచేసే లాగిన్‌లుగా ఉన్నారో లేదో మూడు నెలలకోసారి సరిపోల్చుకుంటున్నారు.